లెక్కలోని చివరి వాక్యం

గణితపు ప్రశ్నను తెలుగులోనికి మార్చి ఇమ్మని విద్యార్థులు తెలుగు శాఖకు రావడం కొందరికి వింతగా తోచవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి వచ్చి చదువుకొనే మన పిల్లలు ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని పుటను ఫోనులో ఫోటో తీసి మా ముందుంచుతారు. "సార్, లెక్క మేము చేసుకుంటాము, ఇందులో ఏమున్నదో చెప్పండి చాలు" అంటారు. ఇది మా పని కాదని, గణితశాఖ వారి పని అని చెప్పి పంపివేయవచ్చును. కాని అట్లు పంపడం సరి కాదని మా అభిప్రాయం. ఆ విద్యార్థి చిక్కుకొన్నది సమీకరణంలో కాదు, వాక్యంలో. వాక్యం సంగతి భాషోపాధ్యాయులది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినప్పుడు, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చినవి. అది మంచి ఏర్పాటు. అయితే పై తరగతుల పుస్తకాలకు, పోటీ పరీక్షల పుస్తకాలకు ఎదుటి పుట లేదు. అంతవరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివి వచ్చిన విద్యార్థికి ఆ లేని పుటను ఎవరో ఒకరు వ్రాసి ఇవ్వవలసిందే. ఎట్లా వ్రాయాలన్నదే మా ప్రస్తావన.

మొదట ఫోటో సంగతి. విద్యార్థి ప్రశ్న ఉన్న నాలుగు పంక్తులను మాత్రమే తీసి తెస్తాడు. కాని లెక్క ఎప్పుడూ ఆ నాలుగు పంక్తులలోనే ఉండదు. "ఈ క్రింది వానిని ఫలానా పద్ధతిన సాధించుము" అన్న ఆజ్ఞ అభ్యాసం తలపై ఒక్కసారే ఉంటుంది, దాని క్రింద పది లెక్కలుంటాయి. ఏడవ లెక్కను ఫోటో తీస్తే ఆ ఆజ్ఞ పోతుంది. పట్టికయో, పటమో వెనుక పుటలో ఉండిపోతుంది. పుస్తకం మడత దగ్గర పంక్తి చివరి అంకె వంగి మాయమవుతుంది. దశాంశ బిందువు ధూళికణంవలె కనబడుతుంది, చదరపు మీటరు మీది చిన్న రెండు ప్రక్కకు దిగి మామూలు రెండవుతుంది. కనుక అనువదించడానికి ముందు పుట మొత్తాన్ని, వీలైతే పుస్తకాన్నే తెప్పించుకొనడం మా పద్ధతి. ఇది చాదస్తం కాదు. ఒక్క సున్న పోతే ఏమవుతుందో కొంచెం ముందుకు పోయిన తరువాత చూపుతాము.

ఇప్పుడొక లెక్కను తీసుకుందాము. వర్గ సమీకరణాల అధ్యాయంలో ఇటువంటిది తరచుగా కనిపిస్తుంది. ఒక వ్యాపారి 36,000 రూపాయలకు కొన్ని బియ్యపు బస్తాలు కొన్నాడు. తరువాతి వాక్యం ఇంగ్లీషులో "హ్యాడ్" అన్న మాటతో మొదలవుతుంది. ఒక్కొక్క బస్తా ధర 100 రూపాయలు తక్కువ, అదే సొమ్ము, నాలుగు బస్తాలు ఎక్కువ, ఇవీ అందులోని సంగతులు. చివర "ఫైండ్" అని మొదలై, ఆయన కొన్న బస్తా ధరను కనుగొనమని ఆజ్ఞ. అంతే.

దీనిని విద్యార్థి మాటకు మాట పేర్చుకొంటే ఏమవుతుందో గమనించండి. "హ్యాడ్" అనగానే భూతకాలమని అతనికి నేర్పి ఉన్నారు. కనుక "ధర 100 రూపాయలు తగ్గింది, నాలుగు బస్తాలు ఎక్కువ కొన్నాడు" అని వ్రాసుకొంటాడు. ఇప్పుడు అతని మనస్సులో వ్యాపారి రెండుసార్లు అంగడికి పోయినాడు, రెండుసార్లు డబ్బు ఖర్చు పెట్టినాడు. కొందరు మొత్తం ఖర్చు 72,000 రూపాయలని కూడా వ్రాస్తారు. తప్పు గణితంలో జరగలేదు. జరగని సంగతిని జరిగినదిగా చదవడంలో జరిగింది.

ఇంగ్లీషులో "ఇఫ్" అన్న మాటను దాచి, క్రియను ముందుకు తెచ్చి, జరగని దానిని ఊహించి చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది. మన భాషలో ఆ పని చేసే రూపం స్పష్టంగా వేరే ఉన్నది: "ఉండి ఉంటే", "వచ్చి ఉండేవి". కనుక ఆ వాక్యం తెలుగులో ఇట్లుండాలి: "ఒక్కొక్క బస్తా ధర 100 రూపాయలు తక్కువై ఉండి ఉంటే, అదే సొమ్ముకు మరి నాలుగు బస్తాలు వచ్చి ఉండేవి." ఈ వాక్యం విన్న మిర్యాలగూడ పిల్లవాడు ఎవడూ వ్యాపారి రెండుసార్లు కొన్నాడని అనుకొనడు. బియ్యం మిల్లుల మధ్య పెరిగినవానికి "నూరు తగ్గి ఉంటే ఇంకో నాలుగు బస్తాలు వచ్చేవి గదా" అన్న నిట్టూర్పు చెవులకు పరిచితమే. మన ఉర్దూ విద్యార్థులకైతే "అగర్ దామ్ సౌ రూపయే కమ్ హోతా, తో చార్ బోరియాఁ ఔర్ మిల్తీఁ" అంటే చాలు. ఈ "హోతా", "మిల్తీఁ" రూపాలు తెలుగులోని "ఉంటే", "ఉండేవి" చేసే పనినే చేస్తాయి. రెండు భాషలలోనూ ఇంత చక్కగా ఉన్న భేదాన్ని విడిచి, భూతకాలపు క్రియతో అనువదించడం ఎందుకో మాకు అర్థం కాదు.

ఆ వాక్యంలోనే మరి రెండు ముళ్లున్నాయి. "100 రూపాయలు తక్కువ" అన్నది తగ్గింపు. "100 రూపాయలకు తగ్గింది" అంటే తగ్గిన తరువాత నిలిచిన ధర. ఇంగ్లీషులో చిన్న విభక్తి మాట ఒకటి ఈ భేదాన్ని మోస్తుంది. తెలుగులో "కు" అన్న ఒక్క అక్షరం మోస్తుంది. తొందరలో ఎక్కడ పడితే అక్కడ "కు" చేర్చినవాడు లెక్కను మార్చివేసినట్లే. రెండవది, "నాలుగు ఎక్కువ" అన్నచోట "ఇంకా నాలుగు" అని వ్రాయడం. "ఇంకా నాలుగు ఉన్నాయి" అంటే మిగిలినవని కూడా మనవారు అంటారు. "మరి నాలుగు" అంటే ఉన్నవాటికి తోడుగా వచ్చినవని సందేహం లేకుండా తెలుస్తుంది. సాహిత్యంలో ఇటువంటి ధ్వనిభేదాలకు వ్యాఖ్యానాలు వ్రాస్తాము. ఇక్కడ ధ్వనిభేదం వలన జవాబే మారిపోతుంది.

ఇక చివరి వాక్యం. మా వ్యాసమంతా దీని కొరకే. "ఫైండ్" అన్నదానికి మన పుస్తకాలలో "కనుగొనుము" అని వ్రాయడం ఆనవాయితీ. వ్యాకరణరీత్యా తప్పు లేదు. కాని అది ఆజ్ఞయే గాని ప్రశ్న కాదు. "ధరను కనుగొనుము" అని చదివిన విద్యార్థి ఏదో ఒకటి కనుగొంటాడు. ఆ ఆజ్ఞను ప్రశ్నగా మార్చి వ్రాయమని మా సూచన. మార్చబోయేసరికి తెలుగు మనలను ఒక నిర్ణయానికి బలవంతపెడుతుంది: ఎంత, ఎన్ని, ఎందరు, ఎప్పుడు, వీటిలో ఏది వ్రాయాలి? ధర అయితే "ఎంత". బస్తాలైతే "ఎన్ని". కూలీలైతే "ఎందరు". ఇంగ్లీషు ఆజ్ఞలో దాగి ఉన్న జవాబు స్వభావం తెలుగు ప్రశ్నలో బయటపడక తప్పదు. మన లెక్కలో ప్రశ్న "ఆయన నిజంగా కొన్న బస్తా ఒక్కంటి ధర ఎంత?" అన్నది. "నిజంగా" అన్న మాట ఇంగ్లీషులో లేదు. అయినా లెక్కలో రెండు ధరలున్నాయి, ఒకటి ఇచ్చినది, ఒకటి ఊహించినది. ఏ ధర అడుగుతున్నారో చెప్పడానికి ఆ మాట చేర్చడం అనువాదకుని ధర్మమే.

ఈ మాట ఎంత పనికివస్తుందో లెక్క చేసి చూడండి. బస్తాలు n, అసలు ధర p అనుకొందాము. అప్పుడు np = 36000. ధర నూరు తగ్గి ఉంటే (p − 100)(n + 4) = 36000. ఈ రెండవదానిని గుణించి విడదీయనవసరం లేకుండా మాటలలోనే చూడవచ్చును. ఒక్కొక్క బస్తాపై 100 రూపాయలు మిగిలితే n బస్తాలపై 100n రూపాయలు మిగులుతాయి. ఆ మిగులుతోనే తగ్గిన ధరకు నాలుగు బస్తాలు వచ్చేవి. అనగా 100n = 4(p − 100). నాలుగుతో భాగిస్తే p − 100 = 25n, కనుక p = 25n + 100. దీనిని మొదటిదానిలో ఉంచితే n(25n + 100) = 36000, ఇరవై అయిదుతో భాగించగా n² + 4n − 1440 = 0. దీని మూలాలు 36, −40. బస్తాలు రుణసంఖ్యలో ఉండవు గనుక 36.

ఇక్కడే విద్యార్థి కలం ఆగిపోతుంది. వర్గ సమీకరణం సాధించినాడు, రుణమూలాన్ని త్రోసిపుచ్చినాడు, 36 క్రింద రెండు గీతలు గీసి పుస్తకం మూసినాడు. కాని అడిగినది "ఎన్ని" కాదు, "ఎంత". 36,000ను 36తో భాగించాలి. జవాబు 1,000 రూపాయలు. మరొకడు ఇంకొంచెం ముందుకు పోయి 25 × 36 = 900 అని వ్రాస్తాడు. అది తగ్గి ఉండవలసిన ధర, ఇచ్చిన ధర కాదు. 36, 900, 1,000 ఈ మూడు సంఖ్యలూ లెక్కలో సత్యాలే. ఏది జవాబో గణితం చెప్పదు, చివరి వాక్యం చెబుతుంది.

ప్రశ్నలో ధర అడిగినారు గనుక ధరనే అజ్ఞాత రాశిగా తీసుకొంటే ఈ చిక్కు ఉండదని గణితశాఖవారు అనవచ్చును. నిజమే. అప్పుడు x² − 100x − 900000 = 0 వస్తుంది, మూలాలు 1000, −900. నేరుగా జవాబు చేతికి వస్తుంది, అయితే అంకెలు పెద్దవి. ఏ దారిన పోవాలో విద్యార్థి ఇష్టం. ఒక చిన్న విశేషం మాత్రం చెప్పకుండా ఉండలేము. మొదటి దారిలో త్రోసివేసిన −40, రెండవ దారిలో త్రోసివేసిన −900, రుణగుర్తు తీసివేస్తే, ఊహించిన కొనుగోలులోని బస్తాల సంఖ్య, ధర. 40 × 900 కూడా 36,000 కదా! త్రోసివేసిన మూలం కూడా జరగని కథనే చెబుతున్నదన్నమాట.

అనువాదం సరిగా ఉన్నదో లేదో ఎట్లా తెలుస్తుందని కోదాడ విద్యార్థి ఒకడు అడిగినాడు. మంచి ప్రశ్న. తప్పుగా చదివినప్పుడు లెక్క తరచుగా తానే మూలుగుతుంది. "ధర 100 రూపాయలకు తగ్గి ఉంటే" అని చదివితే 360 బస్తాలు వచ్చేవని, నిజంగా కొన్నవి 356 అని తేలుతుంది. అప్పుడు బస్తా ధర 101 రూపాయల 12 పైసలు, ఇంకా కొంచెం. నూరుకు తగ్గడమంటే రూపాయి చిల్లర తగ్గడమా? "మరి నాలుగు" అన్నదానిని మొత్తం నాలుగని చదివితే తగ్గిన ధర 9,000, అసలు ధర 9,100, కొన్న బస్తాలు నాలుగుకు కొంచెం తక్కువ. ముక్క బస్తాను ఎవరు అమ్ముతారు? ఇక ఫోటోలో ఒక సున్న కత్తిరించుకుపోయి 3,600 అయిందనుకోండి. సమీకరణం n² + 4n − 144 = 0 అవుతుంది. దాని విచక్షణి 592, అది పూర్ణవర్గం కాదు. బస్తాలు పదికి పైన చిల్లరగా వస్తాయి. ఇటువంటి జవాబు వచ్చినప్పుడు కూడికలు మళ్లీ మళ్లీ సరిచూసుకొనడం కంటె పుస్తకం తెరచి పంక్తి చివర చూడడం మేలు. అయితే చక్కని పూర్ణసంఖ్య వచ్చినంత మాత్రాన చదివినది సరియని నమ్మరాదు. 36, 900 కూడా చక్కని సంఖ్యలే.

చివరి పరీక్ష ఒకటే. వచ్చిన జవాబును సమీకరణంలో కాక తెలుగు వాక్యంలో ఉంచి పైకి చదవాలి. "వెయ్యి రూపాయల చొప్పున 36 బస్తాలు కొన్నాడు, 36,000 అయినది. తొమ్మిదివందలే అయి ఉంటే అదే సొమ్ముకు 40 వచ్చి ఉండేవి, అనగా మరి నాలుగు." సమీకరణమే తప్పుగా వ్రాసుకొన్నవాడు దానిలోనే సరిచూసుకొంటే తప్పు బయటపడదు. వాక్యంలో చూసుకొంటే బయటపడుతుంది.

పోలిక వాక్యాలను గురించి కూడా ఒక మాట చెప్పాలి. "ఆచార్యులకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు" అన్న భావాన్ని సమీకరణంగా వ్రాయమని అమెరికాలో ఇంజనీరింగు మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగితే మూడవ వంతుకు పైగా తప్పు వ్రాసినారని జాన్ క్లెమెంట్ మొదలైన పరిశోధకులు 1980 ప్రాంతాలలో ప్రకటించినారు. S = 6P అని వ్రాయవలసినచోట 6S = P అని వ్రాసినారు. ఇంగ్లీషు వాక్యంలో ఆరు అన్న అంకె విద్యార్థులన్న మాట ప్రక్కనే కూర్చుంటుంది, ఉన్న వరుసనే దించుకొనడం ఆ తప్పుకు ఒక కారణం. అది వారి సొంత భాష! తెలుగులో "కు" ప్రత్యయం మనకు మేలు చేస్తుంది. "ఆచార్యులకు ఆరు రెట్లు" అన్నప్పుడు ఆరుతో గుణించవలసినది "కు" తగిలిన మాటయే అని తెలిసిపోతుంది. అయితే "ఆరు రెట్లు ఎక్కువ" అని మాత్రం వ్రాయవద్దు. ఆరు రెట్లా, ఏడు రెట్లా అని తగవు వస్తుంది.

ఈ పని మన దేశంలో కొత్తది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ బీజగణితానికి పేరు తెచ్చిన గ్రంథాన్ని గుర్తులు లేకుండా మాటలలోనే వ్రాసినాడు. అజ్ఞాత రాశిని "షై" అన్నాడు, అనగా వస్తువు. గ్రంథంలో పెద్దభాగం వారసత్వపు పంపకాల లెక్కలు. ఎవరికి ఎంత అన్నదే అక్కడి ప్రశ్న. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నెలకొన్నప్పుడు గణితగ్రంథాలను సిద్ధపరచడానికి హైదరాబాదులో దారుల్ తర్జుమా పనిచేసింది. వీరిలో ఎవరికీ గణితం వేరు, భాష వేరు అన్న పట్టింపు ఉన్నట్లు కనబడదు.

అనువాదానికి ఒక హద్దు కూడా ఉన్నది. "తక్కువ" అన్నచోట "తీసివేయగా" అని వ్రాసి ఇచ్చినవాడు అనువదించలేదు, సగం లెక్క చేసి పెట్టినాడు. ఆ విద్యార్థి రేపటి లెక్కలోనూ మళ్లీ మన దగ్గరికే వస్తాడు. అందువలన మేము రెండు కాగితాలు వాడుతున్నాము. ఒకదానిపై అనువాదం మాత్రమే, ఇంగ్లీషులో ఉన్నంతే, "తక్కువ"ను తక్కువగానే ఉంచి. రెండవదానిపై విద్యార్థియే వ్రాయాలి: ఇచ్చినవి ఏవి, ఊహించినవి ఏవి, అడిగినది ఎంతయా, ఎన్నియా. రెండవ కాగితం నిండకుండా సమీకరణం మొదలుపెట్టనీయము. "బస్తా 25 కిలోలదా, 50 కిలోలదా సార్?" అని మిర్యాలగూడవారు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు మేము సంతోషిస్తాము. లెక్కలో బరువు ఇవ్వలేదు, అవసరమూ లేదని అతనే కనిపెట్టి ఆ కాగితంపై వ్రాస్తే, ఇచ్చినదేదో, ఇవ్వనిదేదో అతనికి తెలిసిందన్నమాట.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఒకటే. గణితశాఖ, తెలుగు శాఖ, ఉర్దూ శాఖ వారు వారానికి ఒక గంట ఒకే గదిలో కూర్చొనే వీలు కల్పించండి. ఒక ఇంగ్లీషు లెక్కకు ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఉర్దూ వ్రాసి నల్లబల్లపై ఉంచుదాము. ఇంగ్లీషులోని "పర్"కు ఉర్దూలో "ఫీ" ఉన్నది, "ఫీ బోరీ" అంటారు. తెలుగులో "బస్తా ఒక్కంటికి" అని మేమంటాము, "చొప్పున" అని సూర్యాపేట మార్కెట్లో అంటారు. ఏది విద్యార్థికి త్వరగా అందుతుందో ఆ గదిలో వారినే అడిగి తేల్చుకోవచ్చును.